కార్డు మీది పన్నెండు వాక్యాలు

నాకు ఇక్కడి భాషలో సరిగ్గా పన్నెండు వాక్యాలు వచ్చు. హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో చేరిన మొదటి వారం కొత్తవాళ్లందరినీ వరసగా నిలబెట్టి వాటిని బట్టీ పట్టించారు. తర్వాత అరచేతిలో పట్టేంత కార్డు మీద అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, యూనిఫాం జేబులో ఉంచుకోమన్నారు. "లోపలికి రావచ్చా అండీ?", "క్షమించండి", "తర్వాత వస్తాను", "ఇప్పుడే శుభ్రం చేస్తాను", "తప్పు నాదే", "ఇంకేమైనా కావాలా అండీ?" అలాంటివి పన్నెండు. ఆ భాషలో వాటి మోత వేరు, మీకోసం తెలుగులో చెబుతున్నాను. నాలుగేళ్లుగా వాటితోనే నెట్టుకొస్తున్నాను. అంతకు మించి నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరినీ ఏమీ అడగలేదు.

రోజుకు పద్నాలుగు గదులు. తలుపు మూడుసార్లు తట్టాలి, మన పేరు కాదు, వచ్చిన పని చెప్పాలి, పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ తట్టాలి, అప్పుడు తాళం తీయాలి. ముందు దుప్పట్లు లాగేసి సంచిలో వేయాలి. తర్వాత బాత్రూం, ఆ తర్వాత పక్క వేయడం, దుమ్ము తుడవడం. నేల ఆఖరున, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా. గదిలో మనిషి ఉంటే వాళ్ల మొహం వైపు కాకుండా భుజం వైపు చూడాలి. ఇదంతా చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. ఆ సమయంలో నేనెక్కడ ఉంటానో నాకే తెలియదు. మా ఆయన వేరే ఊళ్లో పని దొరికిందని వెళ్లాడు. మొదట వారానికోసారి ఫోన్ చేశాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత నంబరే మార్చేశాడు. ఆ సంగతి తెలిసిన రోజు కూడా నేను పద్నాలుగు గదులూ పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా మొద్దుబారుతుందో, ఒళ్లంతా అలా అయింది. కొన్నాళ్లకు పోతుందిలే అనుకున్నాను. పోలేదు, అలవాటైంది.

మా అమ్మాయి ఆరు నెలల కిందట నా దగ్గరికి వచ్చింది. రెండేళ్లప్పటి నుంచి ఆరేళ్లు నిండేదాకా మా అక్క దగ్గర పెరిగింది. దాని కాలు ఒకచోట నిలవదని వాళ్ల పెద్దమ్మ బొంగరం అని పేరు పెట్టింది. నేనూ అలాగే పిలుస్తాను. ఒక్కటే గది, మూలన పొయ్యి, నేల మీద పరుపు, గోడకి ఒక బట్టల బీరువా ఉన్న మా కొంపలో అది పొద్దస్తమానం గిరగిర తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతూ తెలుగులో వాగుతూనే ఉంటుంది. "అమ్మా, దోమకి మోకాళ్లుంటాయా? అమ్మా, నువ్వు చిన్నప్పుడు కూడా ఇంత పొడుగున్నావా?" నేను ఊఁ కొడుతూ ఉంటాను. బళ్లో మాత్రం అది బెల్లం కొట్టిన రాయి.

ఒకరోజు వాళ్ల టీచరమ్మ నన్ను పిలిపించింది. బక్కపలచని మనిషి, చేతుల నిండా రంగు మరకలు. నాకోసం నిదానంగా, చేతులు తిప్పుతూ మాట్లాడింది. నాకు మాట్లాడటం రాదు గాని అర్థం చేసుకోవడం చాలావరకు వచ్చు. గదుల్లో జనం నన్ను కుర్చీ కిందో బల్ల కిందో జమకట్టి నా ముందే అన్నీ మాట్లాడుకుంటారు, నాలుగేళ్లు వింటే ఎవరికైనా వస్తుంది.

"మీ పాప అన్నీ వింటోంది. పుస్తకం తీయమంటే తీస్తుంది, వరసలో నిలబడమంటే నిలబడుతుంది. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు చాలామంది ముందు నెలల తరబడి వింటారు, తర్వాతే నోరు విప్పుతారు. అందులో నాకేం భయం లేదు," అంది. "కానీ పది వారాల్లో పై ఆఫీసు నుంచి ఒకావిడ పరీక్షకి వస్తుంది. పాపతో అరగంట కూర్చుంటుంది. నోటితో అన్న మాటలకే మార్కులు. ఏమీ అనకపోతే, ఎదుగుదలలో వెనకబడిన పిల్లల బడికి మార్చమని రాసేస్తుంది. అది వాళ్లకి మంచి బడే. కానీ మీ పాపకి ఆ ఇబ్బంది లేదు. ఒకసారి అటు వెళ్తే మళ్లీ ఇటు రావడం నేను చూళ్లేదు."

నేను "క్షమించండి. తప్పు నాదే," అన్నాను. నా దగ్గర ఉన్న సరుకు అదే.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో ఆటలు ఆడించండి. రోజూ ఓ పావుగంట చాలు."

నేను నా నోటి వైపు చూపించి, చెయ్యి తిప్పాను. రాదు అని.

"ఎంత వస్తే అంతే. మీరు టీచర్ కానక్కర్లేదు. మీ భాష మానేయొద్దు, అది గట్టిగా ఉంటేనే దాని మీద ఇది నిలబడుతుంది. ఆట వరకే ఈ భాష. మీరు చెప్పింది పాప చేస్తే చాలు, అనమని బలవంతపెట్టొద్దు. దానికి అనాలనిపించినప్పుడు అంటుంది. తప్పుగా అంటే మధ్యలో ఆపొద్దు, మీరు సరిగ్గా అని ముందుకి పోండి. తెలియని మాట వస్తే ఇద్దరూ కలిసి వెతుక్కోండి. మీరు తడబడటం అది చూడాలి. అప్పుడే దానికి భయం పోతుంది."

ఆ సాయంత్రం అన్నాలు తిన్నాక జేబులో కార్డు తీశాను. ఇంకేం తీయను? నాకున్న భాషంతా హోటల్ భాషే. మా సూపర్‌వైజర్ నాతో అనేవి నేను బొంగరంతో అన్నాను. దిండు తే. దుప్పటి పరుచు. తువ్వాలు మడత పెట్టు. కిటికీ తెరువు. మొదట నేనే అంటూ నేనే చేసి చూపించాను. మూడో రోజుకి నేను అంటే అది చేసేది. ఐదో రోజుకి నేను గబగబా అనేదాన్ని, అది పరుపు మీదినుంచి దూకుతూ ఉరుకుతూ చేసేది. కిటికీ బదులు బీరువా తెరిస్తే ఓడిపోయినట్టు. ఒక్క మాటా పలికేది కాదు, కానీ నవ్వేది. నేను దాన్ని ఏమీ అనమనలేదు.

హోటల్లో దుప్పట్లూ తువ్వాళ్లూ లెక్కచూసి ఇచ్చే గదిలో ఒకావిడ ఉంటుంది, మన మనిషే. అందరం దుప్పట్ల అక్క అంటాం. ఆవిడ నోటికి బ్రేకుల్లేవు. నా సంగతి విని, చిరిగి పక్కన పడేసిన తువ్వాలు ఒకటి నా మొహాన కొట్టింది. "ఇది ఎలాగూ నేల తుడిచే గుడ్డల్లోకి పోయేదే. దాంతో బొమ్మ చెయ్యి. పిల్లలు అమ్మతో మాట్లాడకపోయినా బొమ్మతో మాట్లాడతారే," అంది.

ఒక కొస ముడేసి తల చేశాను, రెండు గుండీలు కుట్టి కళ్లు పెట్టాను. బొమ్మకు తెలుగు రాదని చెప్పాను. "మరి దీని పేరేంటి?" అని అడిగింది బొంగరం. పరుపు మీద దిండుకి ఆనుకుని కూర్చున్న ఆ తువ్వాలు మొహం చూస్తే ఒక్కటే తోచింది. మేడమ్ అన్నాను. అప్పట్నుంచి మేడమ్ మా ఇంట్లో అతిథి. బీరువా తలుపు హోటల్ గది తలుపు. మేడమ్‌కి మంచినీళ్లు కావాలి, మేడమ్‌కి సబ్బు కావాలి, మేడమ్‌కి దుప్పటి బాలేదు. మేం ఇద్దరం పనివాళ్లం.

ఇంకో ఆట కూడా పెట్టాం. పళ్లెంలో సబ్బు, దువ్వెన, చెంచా, తాళంచెవి, గుండీ, దారపు ఉండ పెట్టి అన్నిటి పేర్లూ చెప్పుకునేవాళ్లం. పైన గుడ్డ కప్పి, ఒకళ్లు కళ్లు మూసుకుంటే ఇంకొకళ్లు ఒకటి మాయం చేయాలి. ఏది పోయిందో చెప్పాలి. దారపు ఉండని ఈ భాషలో ఏమంటారో నాకు తెలియదు. ఫోన్‌ని అడిగాం. అది పలికింది, దాని వెనక మేం పలికాం. నా నాలుక తిరగలేదు.

"అలా కాదమ్మా. నాలుక పళ్లకి తగలాలి. ఇలా," అని బొంగరం పలికి చూపించింది. ఫోన్ పలికినట్టే ఉంది.

అది ఆ భాషలో దాని నోట్లోంచి నేను విన్న మొదటి మాట. దారపు ఉండ. సంతోషించాల్సిన సమయమని నాకు తెలుసు. ఎలాగో గుర్తు రాక దాని తల నిమిరాను.

ఐదో వారానికి దాని నోరు విచ్చుకుంది. ఒక సాయంత్రం బీరువా తలుపు మూడుసార్లు తట్టింది. రెండు చేతులూ ముందు కట్టుకుని, తల కొంచెం వంచి, "లోపలికి రావచ్చా అండీ?" అంది మేడమ్‌తో. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ సన్నటి గొంతు, చివర్లో ఆ చిన్న లాగుడు, అచ్చు నాదే. మేడమ్ భుజం వైపు చూస్తోంది. అలా చూడమని నేను దానికి చెప్పలేదు. ఎక్కడ పట్టిందా అని ఒక్క క్షణం అనుకుని ఊరుకున్నాను. పన్నెండు వాక్యాలూ పదిరోజుల్లో అప్పజెప్పింది.

మరుసటి వారం నేను బడి గేటు దగ్గరికి వెళ్లేసరికి టీచరమ్మ పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మాట్లాడింది! పూర్తి వాక్యం! ఎవరో పిల్లాడు రంగునీళ్లు ఒలకబోస్తే, ఈ పిల్ల గుడ్డ తెచ్చి తుడిచి, 'క్షమించండి, ఇప్పుడే శుభ్రం చేస్తాను' అంది. ఎంత మర్యాద! ఎంత చక్కగా పలికింది! మీరు ఏం ఆటలు ఆడించారు?"

నేను నవ్వాను. నవ్వడం కూడా శిక్షణలో భాగమే, మొహం దానంతట అదే చేసేస్తుంది. దారి పొడుగునా ఏదో అనిపించాలని ఎదురుచూశాను. మనసు ఖాళీగా, ఊడ్చిపెట్టిన గదిలా ఉంది. రంగునీళ్లు ఒలకబోసింది ఎవరో పిల్లాడు కదా, మరి ఇది క్షమించమనడమెందుకు అని మాత్రం అనిపించింది. అదీ ఇంటికి చేరేలోగా మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత షిఫ్టు తొందరగా అయిపోయి ముందే వెళ్లాను. తరగతి గది కిటికీ కిందికే ఉంటుంది. చూశాను.

బల్ల చుట్టూ ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. ఒక పిల్ల రంగు పెన్సిల్‌ని వేలితో బల్ల అంచు దాకా తోసి కింద పడేసింది. పడేసి బొంగరం వైపు చూసింది. బొంగరం గబుక్కున వంగి తీసి, రెండు చేతులతో ఇచ్చి, "క్షమించండి" అంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. రెండోవాడు రెండు పడేశాడు. అది మళ్లీ వంగింది. "ఇంకేమైనా కావాలా అండీ?" అంది. మూడో పిల్ల డబ్బా మొత్తం బోర్లించింది. బొంగరం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుతూ, పక్కకి జరుగుతూ, వెనక్కి వెనక్కి పాకుతోంది. నేను నేల తుడిచేది అలాగే.

కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ బయటికి వస్తే చేత్తో కిటికీ వైపు చూపించాను. ఆవిడ చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేను మర్యాద అనుకున్నాను," అని గొణిగి లోపలికి వెళ్లి ఆ ముగ్గురికీ గట్టిగానే తలంటింది. ఆ ఆట అప్పటికి ఆగింది.

బొంగరం మాత్రం దారంతా మూతి ముడుచుకుంది. "ఎందుకమ్మా టీచర్‌కి చూపించావ్? వాళ్లు నాతో ఆడుకుంటున్నారు. రోజూ నేనే కావాలంటారు తెలుసా? మన ఆటే. మేడమ్ ఆట."

అప్పుడు తగిలింది. మొద్దుబారిన చోట కాదు, దాని అడుగున. నేను దానికి ఇక్కడి భాష నేర్పాననుకున్నాను. అది నేర్చుకున్నది నా ఉద్యోగం. నాలుగేళ్లుగా నేను ఎలా వంగుతున్నానో, ఎక్కడ చూస్తున్నానో, ఎవరు చేసిన తప్పుకి ఎవరి నోటితో క్షమించమంటున్నానో, అంతా అచ్చు గుద్దినట్టు దింపేశాను. ఆరేళ్ల పిల్లకి. దగ్గర కూర్చోబెట్టుకుని, ఆట అని చెప్పి.

మర్నాడు దుప్పట్ల అక్కతో చెప్పాను. ఆవిడ తువ్వాళ్లు లెక్కపెడుతూ, ఆపకుండానే అంది, "పనిమనిషి మాటలు నేర్పి యజమాని మాటలు రావాలంటే ఎక్కణ్ణుంచి వస్తాయే, నా మొహమా? దానికి 'వద్దు' అనడం వచ్చా?"

"అది కార్డు మీద లేదక్కా."

"కార్డు మీద లేకపోతే గదుల్లో లేదా? రోజంతా ఎన్నిసార్లు వింటున్నావు?"

నిజమే. ఆ రోజు నుంచి గదుల్లో చెవులు రిక్కించి తిరిగాను. నాకు రాని మాటలనుకున్నవన్నీ నాకు తెలుసు. నా నోటితో ఎప్పుడూ అనలేదు, అంతే. వద్దు. ఇప్పుడు కాదు. ఇది నాది. అది మీది, నాది కాదు. నాకు ఇంకొకటి కావాలి. ఇది నాకు నచ్చలేదు. నేను చేయను. తర్వాత రండి. విన్నవి విన్నట్టు, మర్చిపోకముందే, బాత్రూంలో నిలబడి కాగితం ముక్క మీద తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. సాయంత్రం ఫోన్‌కి చెప్పి సరిచూసుకునేదాన్ని. వారానికి పదకొండయ్యాయి. ఆ కాగితాన్ని కార్డు వెనక అంటించాను. పరీక్షకు ఇక మూడు వారాలుంది.

కొత్త ఆట పెట్టాను. అతిథులు గుమ్మానికి తగిలించే అట్ట, లోపలికి రావద్దని రాసి ఉండేది, అంచు విరిగిందొకటి దుప్పట్ల అక్క తెచ్చి ఇచ్చింది. దాన్ని బీరువా పిడికి తగిలించాం. ఈసారి బొంగరం లోపల కూర్చుంటుంది, బట్టల మధ్య, కాళ్లు ముడుచుకుని. నేను బయట నిలబడి తట్టి, లోపలికి రావచ్చా అండీ అంటాను. అది, "ఇప్పుడు వద్దు. తర్వాత రండి," అనాలి. అంటే గెలిచినట్టు.

మొదటి రోజు తట్టగానే తలుపు తీసి, "క్షమించండి" అంటూ బయటికి వచ్చేసింది. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు తలుపు తీయకుండా లోపలే కూర్చుంది. లోపల్నుంచే తెలుగులో, "అమ్మా, వద్దంటే నువ్వు వెళ్లిపోతావు కదా? మళ్లీ వస్తావా?" అంది.

నాలుగేళ్లు దాన్ని వదిలి ఉన్నదాన్ని నేను. బీరువా తలుపుకి నుదురు ఆనించాను. "వస్తానే. మళ్లీ తడతాను. నువ్వు ఎన్నిసార్లు వద్దన్నా వస్తాను. ఆట అదే," అన్నాను.

లోపల బట్టలు కదిలిన చప్పుడైంది. తర్వాత సన్నగా, "ఇప్పుడు వద్దు," అంది ఆ భాషలో. నేను మూడడుగులు వెనక్కి వేసి, పది లెక్కపెట్టి, మళ్లీ తట్టాను. "ఇప్పుడు వద్దు!" మళ్లీ తట్టాను. "తర్వాత రండి! తర్వాత! తర్వాత!" బీరువా ఊగిపోయేలా నవ్వుతోంది. కింది వాటావాళ్లు కప్పుని కర్రతో పొడిచేదాకా ఆడాం.

ఇక దానికి ఆ మాటల మీద మోజు పట్టుకుంది. పళ్లెం ఆటలో నేను దువ్వెన ముట్టుకుంటే, "అది నాది," అనేది. సబ్బు ఇస్తే, "ఇది నాకు నచ్చలేదు, ఇంకొకటి కావాలి," అనేది. తప్పులు వచ్చేవి, నేను సరిగ్గా అనేదాన్ని, అది ముందుకి పోయేది. ఒక్కోసారి నాకే తప్పులు వచ్చేవి, అది సరిగ్గా అనేది. మేడమ్‌ని పొయ్యి పక్కన నిలబెట్టి గిన్నెలు తోమించింది.

ఒకరోజు, "ఇప్పుడు నువ్వు లోపల కూర్చో. నేను తడతా," అంది. బీరువాలో నేను పట్టను. పరుపు మీద కూర్చుని దుప్పటి కప్పుకున్నాను. అది నేలని మూడుసార్లు తట్టి, లోపలికి రావచ్చా అండీ అంది. నేను నోరు తెరిచాను. ఆ మాట నాకు వచ్చు, దానికి నేర్పిందే నేను. అయినా నోరు వేరే మాట అంది. "రండి," అన్నాను.

"అమ్మా! ఓడిపోయావ్!"

మళ్లీ తట్టింది. మళ్లీ రండి అన్నాను. చివరికి దానికి విసుగొచ్చింది. "పెద్దదానివి, ఒక్క వద్దు అనలేవా?" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. రోజూ ఆడేవాళ్లం. ఆ ఆటలో నేను ఒక్కసారీ గెలవలేదు.

పరీక్ష రోజు సెలవు పెట్టాను. చిన్న గది, పిల్లల ఎత్తు బల్ల, చిన్న కుర్చీలు. పరీక్షకు వచ్చినావిడ జుట్టు నెరిసిన మనిషి, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. నన్ను వెనక గోడ పక్కన కూర్చోబెట్టి, నోరు మెదపొద్దని, సైగలు చేయొద్దని చెప్పింది. నేను ఆవిడ భుజం వైపు చూసి తల ఊపాను.

మొదటి పది నిమిషాలు బొంగరం రాయే. ఆవిడ బొమ్మలు చూపించింది, అది చూసింది. పేరు అడిగింది, అది చూసింది. ఆవిడ కాగితం మీద ఏదో గీత పెట్టుకుంది. దిండు బొమ్మ వచ్చింది. అది, "దిండు," అంది, వినీ వినపడనట్టు. తర్వాత తాళంచెవి. దువ్వెన. తర్వాత బొమ్మలో పిల్ల ఏం చేస్తోందని అడిగితే, "కిటికీ తెరుస్తోంది," అంది. ఆవిడ ఇంకో గీత పెట్టింది. మళ్లీ ఏదో పెద్ద ప్రశ్న అడిగింది, నీకు ఏమంటే ఇష్టం, ఎందుకు అని. బొంగరం నోరు మూసేసింది. ఒక్కొక్క మాటే లెక్క కాదని, తనంతట తాను ఏదైనా అనాలని టీచరమ్మ ముందే చెప్పింది నాకు. గోడ మీద గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంది.

ఆవిడ కాగితం తిప్పబోయింది. మోచెయ్యి తగిలి పెన్ను బల్ల మీది నుంచి జారి, కింద పడి, దొర్లుకుంటూ వచ్చి గది మధ్యలో ఆగింది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. కుర్చీ చప్పుడు వినిపించేసరికి నేను మోకాళ్ల మీద ఉన్నాను, చెయ్యి చాచి ఉంది, తల వంగి ఉంది, "క్షమించండి, తప్పు నాదే," అని నోటి నుంచి వచ్చేసింది కూడా. బొంగరం కూడా కుర్చీలోంచి సగం లేచింది. వంగబోయి, నన్ను చూసి ఆగింది.

"అమ్మా, వద్దు," అంది. ఆ భాషలోనే. "అది నీది కాదు. అది ఆవిడది. నువ్వు పడేయలేదు."

నా చెయ్యి పెన్నుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. బొంగరం నన్నే చూస్తోంది. భుజం వైపు కాదు, సూటిగా కళ్లల్లోకి. "లేమ్మా. కూర్చో," అంది, అదీ ఆ భాషలోనే. ఆ మాటలు నేను నేర్పలేదు. బళ్లో టీచరమ్మ దగ్గర నేర్చుకుని ఉంటుంది.

నేను లేచాను. వెనక్కి వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాటికి ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

నెరిసిన జుట్టావిడ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. నడుం పట్టుకుని, నెమ్మదిగా వంగి, తన పెన్ను తానే తీసుకుంది. తీసుకుని కాగితం మీద చాలాసేపు రాసింది. పాప ఈ బళ్లోనే ఉండాలని రాసిందని సాయంత్రం టీచరమ్మ చెప్పింది. రాయడం అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"క్షమించండి," అంది. "తప్పు నాదే."

ఆ రెండు వాక్యాలూ నేను నాలుగేళ్లలో కొన్ని వేలసార్లు అని ఉంటాను. నాతో ఎవరూ అనలేదు. మొద్దుబారిన చెంపలోకి స్పర్శ తిరిగొచ్చేటప్పుడు నొప్పే ముందొస్తుంది, నాకూ అదే ముందొచ్చింది. బొంగరం వచ్చి నా వేలు పట్టుకుని, ఏమంటానా అని నా మొహంలోకి చూస్తోంది. ఆ మాటలకి తిరిగి ఏమనాలో కార్డు మీద ఎక్కడా రాసి లేదు.